తొమ్మిది కేజీల బాబుకి 7.6 హిమోగ్లోబిన్: పాలు, రాగిజావ మీద పెరిగిన ఒక బిడ్డ కేసు

తిరుపతిలో పిల్లల డాక్టరుగా ప్రాక్టీసు చేస్తున్నాను. నేను చూసిన ఒక కేసును కుటుంబం అనుమతితో, వాళ్ళెవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. ఇది అరుదైన జబ్బేమీ కాదు. మా వైపు పాడి ఉన్న ఇళ్ళలో ఇలాంటి బిడ్డలు తరచూ కనిపిస్తారు, కానీ చూడటానికి బొద్దుగా ఉంటారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, కొన్నిసార్లు మాకు కూడా.

బాబుకి పదకొండు నెలలు. శ్రీకాళహస్తి వైపు పల్లె. తల్లి శ్రీసిటీలో ఒక కంపెనీలో పని చేస్తుంది, తెల్లవారుజామున ఐదింటికి బస్సు ఎక్కితే మళ్ళీ ఇంటికి వచ్చేది సాయంత్రమే. పగలంతా బిడ్డను చూసుకునేది అవ్వ. ఇద్దరూ కలిసి తీసుకొచ్చారు. వచ్చిన కారణం ఒకటే: ఏడుపు మొదలుపెడితే గుక్క పట్టి, పెదాలు నీలంగా మారి, కొన్ని క్షణాలు వాలిపోతున్నాడు. నెలలో ఏడెనిమిది సార్లు అలా అయింది. మెడలో తాయెత్తు కట్టించారు, తగ్గలేదు, మొన్న మాత్రం కాళ్ళు చేతులు కూడా బిగుసుకున్నాయట, దాంతో ఫిట్స్ ఏమో అని భయపడి వచ్చారు.

ఇక్కడ ముందు తేల్చుకోవాల్సింది అది ఉత్త గుక్కా, నిజంగా ఫిట్సా అని. నేను అడిగే మొదటి ప్రశ్న: ఏడుపు ముందా, నీలం ముందా? గుక్క పట్టడంలో వరస ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ముందు దెబ్బ తగలడమో, చేతిలోది లాక్కోవడమో జరుగుతుంది, తర్వాత ఏడుపు, తర్వాత ఊపిరి ఆగడం, రంగు మారడం, చివర్లో వాలిపోవడం లేదా కాసేపు బిగుసుకోవడం, ఒక నిమిషం లోపే మామూలు కావడం. ఏడుపేమీ లేకుండా, ఆడుకుంటూనో నిద్రలోనో ఒక్కసారిగా బిగుసుకుంటే మాత్రం లెక్క వేరు, ముఖ్యంగా ఈ వయసులో రక్తంలో కాల్షియం పడిపోయి వచ్చే ఫిట్స్‌ను వెంటనే పరీక్ష చేసి చూడాలి. తల్లి ఫోన్‌లో వీడియో ఉంది. చేతిలోని గిన్నె అవ్వ తీసుకుంది, వాడు నోరు తెరిచి ఏడ్చాడు, ఆ నోరు అలాగే ఉండిపోయింది, శబ్దం లేదు, పెదాలు నీలం, తర్వాత మెత్తగా వాలిపోయాడు. చూడగానే గుక్కే అనిపించింది. అయినా కాల్షియం చూడకుండా పంపకూడదని అనుకున్నాను, ఎందుకో కింద చెప్తాను.

గుక్క పట్టే బిడ్డను చూడగానే అరచేయి తెరిచి చూడటం నాకు అలవాటు. ఐరన్ తక్కువైన పిల్లల్లో ఈ గుక్కలు ఎక్కువగా వస్తాయి, ఐరన్ ఇస్తే చాలామందిలో తగ్గుతాయి. మామూలుగా బిడ్డ అరచేతిని తల్లి అరచేతి పక్కన పెట్టి పోలుస్తాం. ఈ తల్లి చేయి కూడా తెల్లగా ఉంది! ఇద్దరివీ పక్కపక్కన పెడితే తేడా లేదు, అంటే పోల్చడానికి పనికిరాదు. మా నర్సు చేయి పక్కన పెట్టాను, అప్పుడు తెలిసింది, వాడి అరచేతి గీతల్లో కూడా ఎరుపు లేదు. కింది కనురెప్ప లోపల చూస్తే అదీ పాలిపోయి ఉంది.

బాబు బరువు 9.2 కేజీలు. ఆ వయసు మగబిడ్డకి ఇది బాగా ఉన్నట్టే. అవ్వ ఆ అంకె విని తలూపి, "పాలకేం తక్కువ లేదు డాక్టరమ్మా, మా ఇంట్లో ఆవు ఉంది, పొద్దున్నుంచి రాత్రిదాకా తాగతానే ఉంటాడు" అంది. ఎన్ని తాగుతాడని సీసా లెక్కన అడిగితే దాదాపు 900 మి.లీ. తేలింది. దాంతోపాటు రోజుకి రెండుసార్లు పాలతోనే కాచిన పల్చటి రాగిజావ. గుడ్డు ఇంకా పెట్టలేదు, పప్పు అన్నం పెడితే ఉమ్మేస్తాడట, పాలు ఉన్నాయి కదా అని వాళ్ళూ బలవంతం చేయలేదు. కడుపు పాలతో నిండిపోతే తిండి మీద ఆకలి ఎలా ఉంటుంది? తల్లిపాలు ఐదో నెలలో, ఆమె పనికి వెళ్ళినప్పటి నుంచి తగ్గుతూ ఆగిపోయాయి.

ఇంకో మాట అవ్వ తనంతట తనే చెప్పింది. గోడ దగ్గర కూర్చోబెడితే సున్నం గీకి నోట్లో పెట్టుకుంటున్నాడు, అది కాల్షియం తక్కువై ఉంటుందని ఊళ్ళో ఎవరో అన్నారట. మట్టి, సున్నం తినడం చూడగానే చాలామంది కాల్షియం సిరప్ కొంటారు, నిజానికి నాకు మొదట అనుమానం వచ్చేది ఐరన్ మీద. ఈ వయసు బిడ్డ ఏది దొరికినా ఒకసారి నోట్లో పెట్టుకుంటాడు, అది వేరే సంగతి, వెతుక్కుంటూ వెళ్ళి మళ్ళీ మళ్ళీ అదే తింటుంటే మాత్రం రక్తపరీక్ష చేయాలి.

బట్టలన్నీ తీసేసి చూస్తేనే రెండో సగం కనిపించింది. మణికట్టు దగ్గర ఎముక వెడల్పై, ఒక చేతికి రెండు మణికట్లు ఉన్నట్టుగా మధ్యలో గీత పడింది. మా వైపు పెద్దవాళ్ళు దీన్ని బలమైన ఎముక అని మురిసిపోవడం నేను చాలాసార్లు విన్నాను. ఛాతీకి రెండు పక్కలా పక్కటెముకల చివర్లు పూసల దండలా వేలికి తగులుతున్నాయి. మాడు ఇంకా మూడు సెంటీమీటర్ల దాకా తెరుచుకునే ఉంది, నుదురు ముందుకు ఉబ్బింది, ఒక్క పన్ను కూడా రాలేదు. కూర్చోబెడితే రెండు చేతులూ నేల మీద ఆనించి వంగి కూర్చుంటున్నాడు, నిలబెడితే కాళ్ళు ఆనించడం లేదు. రాత్రి పడుకుంటే తల చెమటతో దిండు తడిసిపోతోందని తల్లి చెప్పింది. ఇందులో ఏ ఒక్కటి విడిగా చూసినా దానికే జబ్బు అనలేం, పళ్ళు ఆలస్యంగా వచ్చే పిల్లలు బోలెడంత మంది, తల చెమట కూడా అంతే. కానీ మణికట్టు, పక్కటెముకలు, మాడు మూడూ కలిస్తే అది ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బు అని ఎక్స్‌రే రాకముందే అనుకోవచ్చు. కాల్షియం పరీక్ష వదలకూడదని నేను అనుకున్నది ఇందుకే.

పరీక్షలు రాశాను. హిమోగ్లోబిన్ 7.6. ఎర్రకణం సైజు, అంటే ఎంసీవీ 58, బాగా చిన్నది. కణాలు చిన్నవిగా ఉంటే ఐరన్ లోపమా, తల్లిదండ్రుల నుంచి వచ్చే తలసీమియా మైనరా అని సందేహం వస్తుంది. ఎంసీవీని ఎర్రకణాల సంఖ్యతో భాగిస్తే (ఇతనికి 58ని 4.1తో, 14 వచ్చింది) 13 కంటే ఎక్కువ వస్తే ఐరన్ వైపు మొగ్గుతాం, తక్కువ వస్తే తలసీమియా వైపు. అది అంచనా మాత్రమే. అసలు సాక్ష్యం ఫెరిటిన్, శరీరంలో దాచిన ఐరన్ ఎంతో చెప్పేది, అది 5 వచ్చింది, ఈ వయసులో 12 కంటే తక్కువైతే నిల్వ అయిపోయినట్టే. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ అబద్ధంగా పెరుగుతుంది కాబట్టి జ్వరం లేని రోజే చేయించాను.

కాల్షియం 8.4, కొంచెం తక్కువ, ఫిట్స్ వచ్చేంత తక్కువ కాదు. ఫాస్ఫరస్ 3.1, ఆ వయసుకి తక్కువ. రికెట్స్‌లో పెరిగే ఎంజైమ్ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 1240, చాలా ఎక్కువ. విటమిన్ డి 7 నానోగ్రాములు (20 పైన ఉండాలి, 12 కంటే తక్కువైతే లోపం). మణికట్టు ఎక్స్‌రేలో ఎముక చివర నున్నటి గీతలా ఉండాల్సింది గిన్నెలా లోపలికి వంగి, అంచు చిరిగిన గుడ్డలా కనిపించింది.

తల్లి అడిగిన ప్రశ్న చాలా న్యాయమైనది: "మేడమ్, పాలల్లో కాల్షియం, రాగుల్లో కాల్షియం, ఐరన్ రెండూ ఉంటాయంటారు కదా, రోజూ ఇవే పోస్తుంటే రెండూ ఎట్లా తక్కువైనాయి?"

ఐరన్ సంగతి ముందు. బిడ్డ కడుపులో ఉండగా చివరి మూడు నెలల్లో తల్లి నుంచి ఐరన్ పోగేసుకుంటుంది, నెలలు నిండి మంచి బరువుతో పుట్టిన బిడ్డకి ఆ మూట నాలుగు నుంచి ఆరు నెలల దాకా వస్తుంది. ఈ బాబు పుట్టిన బరువు 2.3 కేజీలు, తల్లికి ఏడో నెలలో హిమోగ్లోబిన్ 8.4 అని కార్డులో రాసి ఉంది. అంటే మూటే చిన్నది. ఇలా 2.5 కేజీల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకి ఆరో నెలదాకా ఆగకుండా రెండో నెల నుంచే, కేజీకి 2 మి.గ్రా. లెక్కన ఐరన్ చుక్కలు మొదలుపెట్టాలి. డిశ్చార్జి కాగితంలో ఆ ఊసే లేదు. తర్వాత వచ్చిన ఆవుపాలలో లీటరుకు ఐరన్ అర మిల్లీగ్రాము. ఏడో నెల నుంచి ఏడాది దాకా తిండిలో రోజుకు 11 మి.గ్రా. ఉండాలని అమెరికా లెక్క, వాడికి 900 మి.లీ. పాల నుంచి అందింది అర మిల్లీగ్రాము కూడా కాదు. పైగా ఆవుపాలలోని కాల్షియం, కేసిన్ మిగతా తిండిలో ఉన్న ఐరన్‌ను కూడా ఒంటికి పట్టనివ్వవు, కొందరు చంటిపిల్లల్లో పేగుల నుంచి కంటికి కనిపించనంతగా రక్తం కూడా పోతుంది. ఏడాది నిండకముందు ఆవుపాలు ప్రధాన ఆహారంగా వద్దనేది అందుకే.

రాగుల మీద నాకు ఏ కోపమూ లేదు, నేను సంగటి తిని పెరిగినదాన్నే. కానీ వంద గ్రాముల రాగిపిండిలో ఉన్న ఐరన్ దాదాపు 4.6 మి.గ్రా. పల్చటి జావలో పడేది ఇరవై గ్రాముల పిండి, అంటే ఒక మిల్లీగ్రాము లోపు. అందులోనూ రాగుల్లోని ఫైటేట్లు, టానిన్లు పట్టుకోగా ఒంట్లోకి చేరేది కొంచెం. రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి పిండి కొట్టిస్తే ఫైటేట్లు తగ్గుతాయి, మన పెద్దవాళ్ళు మొలకరాగుల పిండి చేసింది మంచి పద్ధతే, ఇప్పుడు ఆ ఓపిక లేక నేరుగా మిల్లుకు వేస్తున్నారు.

కాల్షియం విషయంలో వాళ్ళు చెప్పింది నిజమే, పాలు, రాగులతో వాడికి కాల్షియం కావలసినదానికంటే ఎక్కువే అందుతోంది. కానీ పేగులో ఉన్న కాల్షియం రక్తంలోకి సరిగా వెళ్ళాలంటే విటమిన్ డి కావాలి. అది లేకపోతే శరీరం రక్తంలో కాల్షియం నిలబెట్టుకోవడానికి ఎముకల నుంచి లాగుతుంది, ఫాస్ఫరస్‌ను మూత్రంలో వదిలేస్తుంది, పెరుగుతున్న ఎముక చివర గట్టిపడక మెత్తగా వెడల్పవుతుంది. సున్నం పోసినా తాపీమేస్త్రీ రాని గోడలాంటిది, సరుకంతా అక్కడే ఉంటుంది, గోడ మాత్రం లేవదు.

"తిరుపతి ఎండల్లో విటమిన్ డి తక్కువేంటమ్మా" అని అవ్వ అడిగింది. రోజూ నూనె రాసి స్నానం చేయించాక పొద్దున ఆరున్నరకి లేత ఎండలో పడుకోబెట్టేదట. విటమిన్ డి తయారయ్యేది ఎండలోని ఒక రకం కిరణాలతో, సూర్యుడు కిందికి ఉన్నప్పుడు అవి గాలి పొరల్లోనే ఆగిపోతాయి. మన నీడ మనకంటే పొడుగ్గా ఉన్నంతసేపూ చర్మంలో తయారయ్యేది చాలా తక్కువ. నీడ పొట్టిగా ఉండే టైములో చంటిబిడ్డను బయట పెట్టలేం, మన ఎండకి చర్మం కమిలిపోతుంది, పైగా నల్లటి చర్మానికి ఇంకా ఎక్కువసేపు కావాలి. కిటికీ అద్దం వెనక ఎండకైతే లెక్కే లేదు. తల్లిపాలు అన్నిటికంటే మంచివైనా వాటిలో విటమిన్ డి బాగా తక్కువ, తల్లికే లోపం ఉంటే ఇంకా తక్కువ. అందుకే పుట్టినప్పటి నుంచి ఏడాది దాకా రోజుకు 400 యూనిట్ల చుక్కలు ఇవ్వమంటాం. వీళ్ళకి కూడా రాశారు, ఒక సీసా అయిపోయాక మళ్ళీ కొనలేదు.

ఇక వైద్యం. హిమోగ్లోబిన్ 7 పైనే ఉంది, గుండె, ఊపిరి బాగున్నాయి, అడ్మిషన్ అక్కర్లేదు. ఐరన్ కేజీకి 3 మి.గ్రా. చొప్పున రోజుకు 27 మి.గ్రా. ఇది అసలు ఐరన్ లెక్క, ఉప్పు బరువు కాదు, సీసా మీద ఎలిమెంటల్ ఐరన్ అని రాసినదే చూడాలి. నేను రాసిన సిరప్ 5 మి.లీ.లో 30 మి.గ్రా. ఉంటుంది, కాబట్టి రోజుకు నాలుగున్నర మి.లీ. అదే పేరుతో చుక్కల మందు కూడా ఉంటుంది, అందులో ఒక్కో మి.లీ.లో ఐరన్ దాదాపు రెట్టింపు ఉండొచ్చు, ఒకదాని బదులు ఇంకోటి కొంటే లెక్క తారుమారవుతుంది. విటమిన్ డి రోజుకు 2000 యూనిట్లు, కనీసం పన్నెండు వారాలు. ఎముకలు కోలుకునేటప్పుడు కాల్షియంను గబగబా లాక్కుంటాయి కాబట్టి మొదట్లో కాల్షియం సిరప్ కూడా, అయితే ఐరన్‌కి కనీసం రెండు గంటల ఎడంగా.

విటమిన్ డి చుక్కల్లో మి.లీ.కి 400 యూనిట్లవి, 800 యూనిట్లవి ఉన్నాయి, అదే షాపులో 60,000 యూనిట్ల చిన్న సీసాలూ ఉంటాయి. ఒకసారి వేరే బిడ్డకి ఆ 60,000 సీసాను రోజువారీ మందనుకుని వరసగా ఆరు రోజులు పోశారు, వాంతులు, మలబద్ధకం, విపరీతంగా మూత్రంతో వచ్చింది, కాల్షియం పెరిగిపోయి ఆసుపత్రిలో పెట్టాల్సి వచ్చింది. అప్పటి నుంచి సీసా కొన్నాక నాకు ఫొటో పంపమంటాను, ఎంత పోయాలో సిరంజి మీద పెన్నుతో గీత గీసి ఇస్తాను.

నాలుగు వారాల తర్వాత వచ్చారు. హిమోగ్లోబిన్ 7.9. ఐరన్ సరిగా లోపలికి వెళ్తే నెలకి కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే మందు మార్చే ముందు అడగాల్సిన మొదటి మాట, మలం ఏ రంగులో ఉంది? "మామూలుగానే ఉందమ్మా" అంది అవ్వ. ఐరన్ తీసుకుంటున్న బిడ్డ మలం నల్లబడాలి. సీసా తెప్పించి చూస్తే 100 మి.లీ.లో సగానికి పైనే ఉంది, లెక్కప్రకారం రెండో సీసాలో ఉండాలి. మెల్లగా అడిగితే అసలు విషయం వచ్చింది. మూడో రోజు నల్లగా వెళ్ళేసరికి రక్తమేమో అని అవ్వకి గుండె ఆగినంత పనైంది, పగలు ఇంట్లో తనొక్కతే, కూతురికి ఫోన్ చేస్తే షిఫ్టులో ఎత్తలేదు. ఆపేయడానికి మనసొప్పక పావు చెంచా పాల సీసాలో కలిపి పోస్తూ వచ్చింది. తప్పు ఆమెది కాదు. నల్లగా వస్తుందని నేను తల్లికి చెప్పాను, మందు పోసేది అవ్వ అని తెలిసి కూడా అవ్వతో చెప్పలేదు.

ఈసారి పద్ధతి మార్చాం. ఐరన్ పోసేది రాత్రి, తల్లి ఇంటికి వచ్చాక, పాలకి గంటన్నర ముందు, నాలుగు చుక్కల నిమ్మరసం కలిపిన నీళ్ళతో, సిరంజితో నాలుక వెనక వైపు, తర్వాత రెండు చెంచాల నీళ్ళు, ఇలా చేస్తే పళ్ళు వచ్చాక వాటికి మరక అంటదు. కాల్షియం, విటమిన్ డి పగలు అవ్వ చేతిలో. పాలు 400 మి.లీ.కి తగ్గించి, సీసా తీసేసి గ్లాసుతో. ఏడాది నిండడానికి అప్పటికి వారమే ఉంది, లేకపోతే ఐరన్ కలిపిన ఫార్ములా గురించి మాట్లాడేదాన్ని. మొదటి నాలుగు రోజులు పాల కోసం ఇల్లు పీకి పందిరేశాడట, ఐదో రోజు పప్పన్నం తిన్నాడు. ఆ ఇంట్లో శనివారం, సోమవారం నీచు వండరు, మిగతా రోజుల్లో గుడ్డు, మెత్తగా ఉడికించిన కోడిమాంసం, వారానికి ఒకసారి చిన్న ముక్క కోడి లివర్ (అందులో విటమిన్ ఎ చాలా ఎక్కువ, అందుకే వారానికి ఒకసారే). నీచు లేని రోజున ఆకుకూర పప్పులో దించాక నిమ్మకాయ పిండమన్నాను, మొక్కల నుంచి వచ్చే ఐరన్‌ను విటమిన్ సి ఒంటికి పట్టేలా చేస్తుంది. రాగిజావ కొనసాగించాం, చిక్కగా, నీళ్ళతో కాచి.

మలం వారంలోనే నల్లబడింది, ఈసారి అవ్వే ఫోన్ చేసి చెప్పింది. నెలకి హిమోగ్లోబిన్ 9.6, ఆ మధ్యలో గుక్క పట్టింది ఒక్కసారే, సున్నం జోలికి వెళ్ళడం మానేశాడు. మూడు నెలలకి 11.3. ఇక్కడ చాలామంది మందు ఆపేస్తారు. హిమోగ్లోబిన్ నార్మల్ అయిందంటే రక్తం నిండిందని, నిల్వ ఇంకా ఖాళీగానే ఉంటుంది, అందుకే ఇంకో రెండు నెలలు ఇచ్చి, ఫెరిటిన్ చూసి ఆపాను. తల్లికి కూడా పరీక్ష చేయిస్తే 9.1, ఆమెకీ వైద్యం మొదలైంది.

ఎముకల వైపు, పన్నెండు వారాల ఎక్స్‌రేలో చిరిగిన అంచు స్థానంలో తెల్లటి చక్కటి గీత వచ్చింది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 480కి దిగింది. సరిగ్గా మందు పడినా ఆ గీత రాకపోయి ఉంటే ఇది మామూలు రికెట్స్ కాదని కిడ్నీ, ఫాస్ఫరస్ నష్టం వైపు వెతకాల్సి వచ్చేది. మొదటి పన్ను పదమూడో నెలలో కనిపించింది, పద్నాలుగున్నర నెలలకి గోడ పట్టుకుని నిలబడ్డాడు. మణికట్టు వెడల్పు ఇంకా పూర్తిగా తగ్గలేదు, దానికి నెలలు పడుతుంది, అది చూసి మందు పనిచేయలేదని డోసు పెంచకూడదు.

ఈ కేసులో నన్ను ఎక్కువ బాధపెట్టింది చివరి విజిట్‌లో తెలిసింది. ఆశా కార్యకర్త ఇచ్చిన ఐరన్ ఫోలిక్ సిరప్ సీసా వాళ్ళింట్లో అటక మీద ఆరో నెల నుంచీ సీలు తీయకుండా ఉంది. ఎనీమియా ముక్త్ భారత్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలందరికీ వారానికి రెండుసార్లు 1 మి.లీ., అంటే 20 మి.గ్రా. ఐరన్, ఉచితంగా ఇచ్చే మందు అది. బొద్దుగా ఉన్న బిడ్డకి రక్తం మందెందుకని పక్కన పెట్టేశారు. ఆ సీసా గడువు దాటింది, కొత్తది తీసుకోమన్నాను. మా వైద్యం ఐరన్ ఆపాక ఇప్పుడు దాన్నే బుధవారం, శనివారం పోస్తున్నారు, విటమిన్ డి రోజుకు 600 యూనిట్లకి మార్చాం. పద్దెనిమిదో నెల టీకాకి వచ్చినప్పుడు మణికట్టు, నడక, అరచేయి మళ్ళీ చూడాలి, ఆరోజు నర్సు చేయి కాకుండా తల్లి చేయి పక్కనే పెట్టి పోల్చగలనేమో చూస్తాను.